ఇరవై ఆరా, ముప్పయ్యా? జీతం లేని సెలవుకు రోజు లెక్క

ప్రశ్న: బెంగళూరు పీణ్యాలో నలభై మంది పనిచేసే ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో నేను జీతాల లెక్క చూస్తాను. ఆదివారం ఒక్కటే సెలవు. మాది మదనపల్లె, మా వెల్డర్‌ది హిందూపురం. అతని నెల జీతం 39,000. తండ్రికి ఆపరేషన్ అని ఊరెళ్లి 2026 ఫిబ్రవరి 2 నుంచి 21 వరకు రాలేదు. అతని సెలవులన్నీ అప్పటికే అయిపోయాయి. 23 నుంచి 28 వరకు పనిచేశాడు. పాత ఎక్సెల్ షీటులో 26తో భాగించే సూత్రం ఉంది. దాని ప్రకారం ఇరవై రోజులు కోస్తే 9,000 వచ్చింది. ఆదివారాలు కోయకూడదు, 12,000 రావాలని అతనంటున్నాడు. మా ఆడిటర్ గారు 30తో భాగించమన్నారు, అలా చేస్తే 13,000 వస్తోంది. అపాయింట్‌మెంట్ లెటర్‌లో దీని గురించి ఏమీ రాయలేదు. ఎవరి లెక్క సరైనది?

సమాధానం:

మీ నెలకు సరిపోయే అంకె ఈ మూడింటిలో ఏదీ కాదు, 9,750. అది ఎలా వచ్చిందో చెప్పేముందు, ముగ్గురూ ఒకే జీతాన్ని, ఒకే హాజరును తీసుకుని మూడు వేర్వేరు అంకెలకు ఎందుకు చేరారో చూడాలి. అది తెలియకపోతే వచ్చే నెల మరొకరి జీతం దగ్గర ఇదే వాదన మళ్లీ మొదలవుతుంది.

చిన్నప్పుడు భిన్నాలు నేర్చుకునేటప్పుడు పైన ఉన్నది లవమని, కింద ఉన్నది హారమని చదువుకున్నాం. జీతం కోత కూడా ఒక భిన్నమే. రాని రోజులు లవం, నెలలో మొత్తం రోజులు హారం. రెండింటినీ ఒకే రకం రోజులతో లెక్కపెట్టాలన్నదే ఇందులో ఉన్న ఒకే ఒక్క నియమం. హారంలో ఆదివారాలు లేకపోతే లవంలోనూ ఉండకూడదు, హారంలో ఉంటే లవంలోనూ వాటి సంగతి తేల్చాలి. మీ షీటులో ఉన్న 26 ఆదివారాలను తీసేసిన అంకె. కానీ దానిపైన వేసిన 20 మాత్రం ఫిబ్రవరి 2 నుంచి 21 వరకు క్యాలెండరులో వేలు పెట్టి లెక్కించిన అంకె, అందులో 8, 15 తేదీల ఆదివారాలు కలిసి ఉన్నాయి. ఆదివారాలను పక్కన పెట్టి రోజు విలువను 1,300 నుంచి 1,500కు పెంచారు, ఆ పెంచిన విలువతోనే మళ్లీ రెండు ఆదివారాలను కోశారు. మీ వెల్డర్ అభ్యంతరం సరిగ్గా ఇక్కడే ఉంది. ఆ అభ్యంతరం న్యాయమైనది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, పేరు చెప్పనక్కర్లేని ఒక కర్మాగారంలో, ఇదే పొరపాటు రెండేళ్లపాటు నా చేతులతో చేశాను. శనివారం, సోమవారం రాని ఒక ఫిట్టర్ తన ఇంటి గోడ మీది తెలుగు క్యాలెండరు కాగితాన్ని చించి తెచ్చి నా బల్ల మీద పరిచాడు. తాను రాని రెండు రోజులకు పెన్సిలుతో సున్నాలు చుట్టి, మధ్యలో ఉన్న ఆదివారం మీద వేలు పెట్టి, "ఈ ఆదివారానికి జీతం కోశారు కదా మేడం, మరి మిగతా మూడు ఆదివారాలకు జీతం ఏ పద్దులో వేశారో చూపించండి" అని అడిగాడు. నా షీటులో అలాంటి పద్దు లేదు. ఇరవై ఆరుతో భాగించినప్పుడే ఆదివారాల విలువ పనిరోజుల్లో కలిసిపోయిందన్న సంగతి ఆ కాగితం చూశాకే నాకు అర్థమైంది.

అంతమాత్రాన మీ వెల్డర్ అడుగుతున్న 12,000 సరైన లెక్క అని కాదు. అతను ఆదివారాలను తీసేసి, రాని పనిరోజులు పద్దెనిమిదిని మాత్రమే 1,500తో గుణించి, 27,000 కోయమంటున్నాడు. లవం సరిగ్గానే ఉంది, హారంలోనే లోపం ఉంది. 2026 ఫిబ్రవరి నెల ఒకటో తేదీ ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలతో 28 రోజులకు ముగిసింది. శివరాత్రి కూడా 15వ తేదీ ఆదివారం నాడే వచ్చింది. అంటే మీ యూనిట్‌లో ఆ నెల పనిరోజులు 24 మాత్రమే. 24 రోజులున్న నెలలో 26 భాగాలు చేస్తే రెండు భాగాలు ఎవరికీ చెందకుండా మిగులుతాయి. అతను ఆ నెలంతా రాలేదనుకోండి. 24 రోజులకు 36,000 కోస్తారు, ఒక్క పూటైనా పనిచేయని మనిషికి 3,000 చెల్లిస్తారు. అదే అతని హాజరు రోజుల వైపు నుంచి లెక్కిస్తే, ఆరు రోజులకు 1,500 చొప్పున 9,000 వస్తుంది. రాని రోజులు కోసినా, వచ్చిన రోజులకు కట్టినా సమాధానం ఒకటే రావాలి. 26తో చేస్తే ఈ నెలలో ఒకవైపు 12,000, మరోవైపు 9,000 వస్తున్నాయి. ఈ తేడా కనిపించిందంటే హారం ఆ నెలకు సరిపోలేదని వెంటనే తెలుసుకోవచ్చు.

ఇదే 26 మరో నెలలో కార్మికుడికి వ్యతిరేకంగా తిరుగుతుంది. 2025 జూలై చూడండి. 31 రోజులు, నాలుగు ఆదివారాలు, మొహర్రం కూడా ఆదివారమే, కాబట్టి 27 పనిరోజులు. ఆ నెలంతా రాని మనిషికి రోజుకు 1,500 చొప్పున 40,500 కోత పడుతుంది. అతని జీతమే 39,000 కాబట్టి పేస్లిప్ మీద మైనస్ 1,500 వస్తుంది. చాలా షీటుల్లో మైనస్ వస్తే సున్నా చూపించే సూత్రం ఒకటి దాచిపెట్టి ఉంటుంది, అందువల్ల ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. మీ షీటులోనూ అలాంటిది ఉందేమో ఒకసారి చూడండి. నెలంతా రాని మనిషి మాత్రమే మైనస్‌లోకి వెళ్తాడు, కానీ రెండు రోజులు రాని మనిషికి కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ కోత పడుతూనే ఉంటుంది, అది మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

అసలు ఈ 26 ఎక్కడి నుంచి వచ్చిందని మీకు సందేహం రావచ్చు. గ్రాట్యుటీ లెక్కలో నెల జీతాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల చొప్పున కట్టాలని 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనే వివరణ ఇచ్చారు. కనీస వేతనాల్లోనూ రోజు కూలీని నెల మొత్తానికి మార్చేటప్పుడు 26 వాడటం మామూలే. ఆ రెండు చోట్లా దానికి అర్థముంది. గ్రాట్యుటీ ఏదో ఒక నెలకు చెందిన చెల్లింపు కాదు, కాబట్టి ఏ నెలలో ఉద్యోగం మానేసినా మారని ఒక స్థిరమైన అంకె కావాలి. పైగా 30కి బదులు 26తో భాగించడం వల్ల ఉద్యోగికి ఎక్కువ మొత్తం అందుతుంది. ఉద్యోగికి ఇచ్చేదాన్ని పెంచడానికి వాడిన అంకెను, ఆలోచించకుండా అతని దగ్గర కోసే చోటికి తెచ్చి పెడితే కోత పెరుగుతుంది. గ్రాట్యుటీకి 26 సరైనదే, అక్కడ దాన్ని కదిలించకండి. నెలసరి కోతకు మాత్రం ఆ నెలలోని రోజులే ఆధారం కావాలి.

ఈ మాట నా అభిప్రాయం మాత్రమే కాదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం సెక్షన్ 9లో గైర్హాజరు కోతకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. ఉద్యోగ షరతుల ప్రకారం ఆ వేతన కాలంలో మనిషి పనిచేయవలసిన మొత్తం కాలంలో, అతను రాని కాలం ఎంత వంతో, వేతనంలో అంతకు మించిన వంతు కోయకూడదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో సెక్షన్ 20 ఇదే నిష్పత్తిని కొనసాగించింది. అందులో "పనిచేయవలసిన కాలం" అన్న మాటను జాగ్రత్తగా చదవండి. మీ యూనిట్‌లో ఆదివారం పనిచేయవలసిన రోజు కాదు. కాబట్టి ఫిబ్రవరిలో హారం 24, జూలైలో 27. పండుగ సెలవు పనిరోజున పడిన నెలలో దాన్ని కూడా హారం నుంచి తీసేయాలి, లవంలోనూ లెక్కించకూడదు.

ఇప్పుడు మీ వెల్డర్ లెక్క నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఫిబ్రవరి 2 సోమవారం నుంచి 21 శనివారం వరకు మూడు పూర్తి వారాలు, వారానికి ఆరు చొప్పున రాని పనిరోజులు 18. పనిచేయవలసిన రోజులు 24, కాబట్టి రాని వంతు నాలుగింట మూడు. 39,000లో నాలుగింట మూడు వంతులు 29,250, అదే కోత, అదే చట్టం అనుమతించే గరిష్ఠం కూడా. అతనికి అందవలసింది 9,750. వచ్చిన ఆరు రోజుల వైపు నుంచి కట్టినా, 39,000ను 24తో భాగిస్తే వచ్చే 1,625ను ఆరుతో గుణించి అదే 9,750కి చేరతాం. మీ షీటు ప్రకారం 30,000 కోస్తే చట్టం గీసిన గీతను 750 రూపాయల మేర దాటినట్టే.

చట్టం చెప్పింది గరిష్ఠ కోత మాత్రమేనన్నది కూడా గుర్తుంచుకోండి. అంతకన్నా తక్కువ కోయడానికి అభ్యంతరం లేదు. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో, నోటీసు బోర్డు మీదో "రాని పనిరోజుకు నెల జీతంలో 26వ వంతు కోత" అని ఎప్పుడైనా రాసి ఉంటే, ఈ ఫిబ్రవరికి మీరు ఆ మాటకు కట్టుబడి 12,000 ఇవ్వాలి. సొంత నోటీసు కంపెనీకి నష్టం తెచ్చిన నెలలోనే దాన్ని మార్చడం సబబు కాదు. అలాంటిదేమీ లేదని మీరు రాశారు కాబట్టే నేను 9,750 అంటున్నాను.

ఆడిటర్ గారి 30 గురించి. నెల పొడవు ఎంతైనా 30తో భాగించే పద్ధతి చాలా కార్యాలయాల్లో ఉంది, రోజు విలువ ఏడాదంతా ఒకేలా ఉండటం దానిలోని సౌకర్యం. కానీ ఫిబ్రవరిలో నెలంతా రాని మనిషికి 28 రోజుల కోత పోగా రెండు రోజుల జీతం 2,600 మిగులుతుంది, 31 రోజుల నెలలో అతని జీతం 1,300 మైనస్‌లోకి వెళ్తుంది. రెండు మూడు రోజుల సెలవుల్లో ఈ తేడా చిన్నది, మీ వెల్డర్ లాంటి పొడవైన సెలవులోనే పెద్దదవుతుంది. క్యాలెండరు రోజుల మీదే లెక్క కావాలనుకుంటే 30ని వదిలేసి ఆ నెలలో నిజంగా ఉన్న 28, 29, 30 లేదా 31తో భాగించాలి. అప్పుడు హారంలో ఆదివారాలు కూడా ఉంటాయి కాబట్టి, ఆదివారం ఎవరికి దక్కుతుందో ముందే రాసిపెట్టాలి. నేను చూసినంతలో న్యాయంగా నిలిచే సూత్రం ఒకటే. ఆదివారం తనకు ముందున్న ఆరు రోజుల వారానికి చెందుతుంది, ఆ వారంలో ఒక్క రోజైనా పనిచేస్తే ఆదివారానికి జీతం ఉంటుంది, వారమంతా రాకపోతే ఉండదు. మీ వెల్డర్‌కు ఇలా చూస్తే జనవరి చివరి వారం పనిచేశాడు కాబట్టి ఫిబ్రవరి 1 దక్కుతుంది, 8, 15, 22 దక్కవు. ఆరు పనిరోజులు, ఒక ఆదివారం కలిపి 28లో ఏడు, అంటే నాలుగింట ఒక వంతు, మళ్లీ 9,750. ఫిబ్రవరిలో ఇలా చక్కగా కలిసింది గానీ ప్రతి నెలా కలవదు. జూలైలో ఒక వారమంతా రాకపోతే 31లో ఏడు వంతుల కోత, 27లో ఆరు వంతుల కన్నా సుమారు 140 రూపాయలు ఎక్కువ అవుతుంది. అందుకే ఆదివారం మాత్రమే సెలవున్న మీలాంటి యూనిట్‌కు ఆ నెల పనిరోజులతో భాగించే పద్ధతినే నేను సూచిస్తాను. అందులో ఆదివారాల చర్చే రాదు.

శని, సోమ రాకపోతే మధ్య ఆదివారాన్ని కూడా కోసే అలవాటును మనవాళ్లు శాండ్‌విచ్ అంటారు. మీ పాత షీటు అదే చేస్తోంది. జూలైలో అలా రెండు రోజులు రాని మనిషికి మూడు రోజుల చొప్పున 4,500 కోసి ఉంటే, 27లో రెండు వంతులు 2,889 మాత్రమే కాబట్టి 1,611 రూపాయలు అదనంగా కోసినట్టు. పాత నెలల మస్టర్ రోల్ తీసి, ఎవరెవరికి ఇలా పడిందో చూసి, ఎవరూ అడగకముందే తిరిగి ఇచ్చేయండి. అందులో బేసిక్ భాగానికి పీఎఫ్ కూడా కట్టవలసి ఉంటుందని మరవకండి.

షీటును మార్చడం పెద్ద పనేమీ కాదు. A2లో నెల మొదటి తేదీ, B2లో నెల జీతం, C2లో రాని పనిరోజులు, H2 నుంచి H12 వరకు ఏడాది పండుగ సెలవుల తేదీలు ఉన్నాయనుకుంటే, D2లో పనిరోజులు, E2లో కోత ఇలా రాయవచ్చు.

```
D2: =NETWORKDAYS.INTL(A2,EOMONTH(A2,0),11,H$2:H$12)
E2: =ROUND(B2*C2/D2,0)
```

మొదటి సూత్రంలోని 11 అంటే ఆదివారం ఒక్కటే వారాంతపు సెలవని అర్థం. రెండో సూత్రంలో ముందు గుణించి తర్వాత భాగించడం, చివరనే రూపాయికి సవరించడం కావాలని చేసినవే. జూలై రోజు విలువ 1,444.44ను ముందే 1,445 చేసుకుంటే 27 రోజులకు 15 రూపాయల తేడా వస్తుంది, నెలంతా రాని మనిషి మళ్లీ మైనస్‌లోకి పోతాడు. పూట సెలవుకు C2లో 0.5 వేస్తే చాలు. నెల మధ్యలో చేరినవారికి కూడా ఇదే సూత్రం పనికొస్తుంది, చేరకముందు గడిచిన పనిరోజులను C2లో వేయండి.

మీ డిజైన్ విభాగంలోనో ఆఫీసులోనో శని, ఆదివారాలు రెండూ సెలవున్నవారు ఉంటే వారికి 11 స్థానంలో 1 రాయాలి. 2026 ఫిబ్రవరిలో వారి పనిరోజులు 20, అదే 39,000 జీతానికి రోజు కోత 1,950. వెల్డర్‌కు 1,625, డిజైనర్‌కు 1,950 ఏమిటని ఎవరైనా అడుగుతారు. నెల జీతం ఇరవై రోజుల పనికి అయినప్పుడు ఒక్కో రోజు బరువు ఎక్కువన్నదే జవాబు. ఇద్దరికీ 26 వాడితే నెలంతా రాని డిజైనర్‌కు 9,000 ఇవ్వాల్సి వచ్చేది.

కోతను బేసిక్ మీద మాత్రమే వేసి హెచ్‌ఆర్‌ఏ, ఇతర అలవెన్సులు పూర్తిగా ఇచ్చే యూనిట్లూ, దానికి సరిగ్గా ఎదురుగా చేసేవీ ఉన్నాయి. మీరు ప్రతి నెలసరి భాగాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించండి. వెల్డర్ బేసిక్, డీఏ కలిపి 19,500 అనుకుంటే ఫిబ్రవరికి 4,875, దాని మీద 12 శాతం పీఎఫ్ 585. పీఎఫ్ కోసం నెలనెలా పంపే ఈసీఆర్ ఫైలులో, జీతం లేని రోజులు వేయడానికి `NCP Days` అనే గడి ఉంటుంది. అది క్యాలెండరు రోజుల లెక్క కాబట్టి అందులో 18 వేస్తే, జీతం ఏడు రోజులది, హాజరు పది రోజులది అన్నట్టు కనిపిస్తుంది. 28లో 21 వేయండి, జీతంతో సరిపోతుంది. ఆ నెల అతనికి లెక్కగట్టిన జీతం కర్ణాటక వృత్తి పన్నుకు ఉన్న 25,000 గీత కంటే తక్కువ కాబట్టి ఆ పన్ను కూడా కోయనక్కర్లేదు.

ఈ పద్ధతిని వచ్చే నెల నుంచి అందరికీ రాతపూర్వకంగా చెప్పి, తెలుగు, కన్నడ, తమిళం చదివేవారికి వారి భాషలోనే నోటీసు బోర్డు మీద పెట్టండి. పేస్లిప్ మీద కోత మొత్తం ఒక్కటే అచ్చువేయకుండా, పనిరోజులు 24, రాని రోజులు 18, వచ్చిన రోజులు 6 అని మూడు అంకెలూ చూపించండి. అప్పుడు మీ వెల్డర్ బల్ల దగ్గరే నిలబడి తన ఫోనులోని క్యాలిక్యులేటరుతో 9,750 వస్తుందో లేదో స్వయంగా చూసుకోగలడు.